పోకెమాన్ ఎమరాల్డ్ క్యాసెట్, పెట్టెతో సహా కొన్నాను. ఒరిజినలేనా? (ఫోటోలు ఉన్నాయి)

కార్తీక్_నెల్లూరు

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర గేమ్ బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ ఎమరాల్డ్ తీసుకున్నాను. అమెరికా వెర్షన్, అట్టపెట్టెతో సహా. తొమ్మిది వేలు ఇచ్చాను. ఆదివారం లోపు నచ్చకపోతే వెనక్కి పంపమన్నాడు, అందుకే ఈ తొందర.

గేమ్ ఆడుతోంది, సేవ్ కూడా అవుతోంది. కానీ ఆన్ చేయగానే ఇలా వస్తోంది:

```
The internal battery has run dry.
The game can be played.
However, clock-based events will
no longer occur.
```

ఇంకోటి, క్యాసెట్ ఎడమ అంచున రెండు ప్లాస్టిక్ ముక్కల మధ్య గోరు దూరేంత సందు ఉంది. కుడివైపు మాత్రం బిగుతుగానే ఉంది. పెట్టె చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తోంది, అదీ కొంచెం తేడాగా అనిపించింది. ముందు, వెనక, కింద పిన్నుల వైపు ఫోటోలు పెట్టాను. చూసి చెప్పండి.

హర్ష_డల్లాస్

డూప్లికేట్ బ్రో, వెంటనే వెనక్కి పంపెయ్. బ్యాటరీ మెసేజ్ వచ్చిందంటే అందులో క్లాక్ చిప్ లేనట్టే. నేనూ ఇక్కడ ఫ్లీ మార్కెట్‌లో ఇలాగే ఎమరాల్డ్ కొన్నాను. తెరిచి చూస్తే బోర్డు మధ్యలో నల్లగా గట్టిపడిన జిగురు ముద్ద ఉంది. రూల్ సింపుల్: నల్ల బొట్టు ఉంటే డూప్లికేట్, చిప్పులు ఉంటే ఒరిజినల్.

సత్యం_సర్వీస్

హర్ష గారూ, మీరు చెప్పినదాంట్లో సగం కరెక్టే. మిగతా సగాన్ని నమ్ముకుంటే కార్తీక్ మంచి సరుకు వెనక్కి పంపేసే ప్రమాదం ఉంది.

ముందు బ్యాటరీ సంగతి. ఎమరాల్డ్ అమెరికాలో 2005లో వచ్చింది. లోపల CR1616 బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది పనిచేసేది గడియారానికి మాత్రమే. చెట్లకు బెర్రీలు కాయడం, సముద్రంలో ఆటుపోట్లు మారడం లాంటివి దాని మీద నడుస్తాయి. సేవ్‌కీ దానికీ సంబంధం లేదు, సేవ్ వేరే ఫ్లాష్ చిప్‌లో పడుతుంది. ఇన్నేళ్ల తర్వాత ఒరిజినల్ క్యాసెట్‌లో బ్యాటరీ అయిపోవడం మామూలే. కాబట్టి ఒరిజినల్‌లోనూ ఈ మెసేజ్ వస్తుంది, గడియారం చిప్పే లేని డూప్లికేట్‌లోనూ వస్తుంది. అసలు మెసేజే రాకపోతే, ఎవరో బ్యాటరీ మార్చారా అని అడగాలి.

సందు గురించి కూడా ఇప్పుడే ఏమీ చెప్పలేం. ఒరిజినల్ షెల్‌లో రెండు ముక్కలూ అంచుకు అంచు సరిగ్గా కూర్చుంటాయి, వేలితో తడిమితే మెట్టు తగలదు. డూప్లికేట్ షెల్ అచ్చులో తేడా వల్ల ఒకవైపు ఎత్తుగా ఉంటుంది, అంచుల్లో పల్చటి ప్లాస్టిక్ పొర మిగిలి ఉంటుంది. కానీ ఒరిజినల్‌ని కత్తి పెట్టి బలవంతంగా తెరిచినా లోపలి కొక్కెం విరిగి ఇలాంటి సందే వస్తుంది. అంచు మీద గీతలు, నొక్కుడు గుర్తులు ఉన్నాయేమో లైటు కింద చూడండి.

ఎమరాల్డ్‌తో ఒక సుఖం ఏంటంటే షెల్ పచ్చగా, పారదర్శకంగా ఉంటుంది. తెరవకముందే టార్చి వెనక పెట్టి చూడండి. గుండ్రటి బ్యాటరీ నీడ, చిప్పుల నీడలు కనిపించాలి.

పిన్నుల వైపు ఫోటో మసగ్గా ఉంది. ఆ బంగారు పిన్నులకు కొంచెం పైన బోర్డు మీద నింటెండో అని చిన్న అక్షరాలు ఉండాలి. సందులోంచి చూస్తే కనబడుతుంది. ఇంకోసారి తీసి పెట్టండి.

చందు_90స్_కిడ్

అన్నా నా దగ్గర కూడా ఉంది, పసుపు రంగు క్యాసెట్, 9999999 ఇన్ 1 అని రాసి ఉంటుంది. చిన్నప్పుడు టీవీకి పెట్టి ఆడేవాళ్లం, మారియో, కాంట్రా, ట్యాంకుల గేమ్. దాని లేబుల్ కూడా చెక్ చేయొచ్చా? ఒరిజినల్ అయితే ఎంత రావచ్చు?

సత్యం_సర్వీస్

చందూ, ఆ క్యాసెట్లలో ఒరిజినల్ అనేదే లేదు. 9999999 గేములు ఎవరూ ఎప్పుడూ చేయలేదు. పది ఇరవై గేములకే లెవెల్, స్పీడ్ మార్చి మళ్లీ మళ్లీ పేరు పెట్టి లెక్క పెంచేవారు. జ్ఞాపకంగా ఉంచుకో. ఇక్కడ మాట్లాడేది అడ్వాన్స్ క్యాసెట్ గురించి.

లావణ్య_ప్రెస్

నాకు గేముల గురించి పెద్దగా తెలియదు, మా అబ్బాయి కోసం ఈ ఫోరంలో చేరాను. కానీ విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పనిచేస్తాను కాబట్టి లేబుల్, పెట్టె గురించి చెప్పగలను.

కార్తీక్ గారూ, పెట్టె మీది అన్నింటికన్నా చిన్న నల్ల అక్షరాల్ని, వెనక కింద ఉండే కాపీరైట్ లైన్‌ని, భూతద్దంతో చూడండి. పది రెట్లు పెద్దగా చూపించేది చాలు, ఫోన్ మాక్రో కెమెరా అయినా పర్వాలేదు. ఫ్యాక్టరీలో అచ్చయినప్పుడు నలుపుకి విడిగా ఒక ప్లేటు ఉంటుంది. అందుకని చిన్న అక్షరం నిండుగా, అంచులు కోసినట్టు ఉంటుంది. డూప్లికేట్ చేసేవాళ్ల దగ్గర అసలు ఫైలు ఉండదు, ఒరిజినల్ పెట్టెని స్కాన్ చేసి మళ్లీ ప్రింట్ కొడతారు. అప్పుడు ఆ నల్ల అక్షరం కూడా బొమ్మలో భాగమైపోతుంది. దగ్గరగా చూస్తే నీలం, గులాబీ, పసుపు చుక్కలన్నీ కలిసి నలుపైనట్టు ఉంటుంది, అక్షరం చుట్టూ రంగు పొగలా కనిపిస్తుంది. ఇదొక్కటి చూసినా చాలావరకు తేలిపోతుంది.

రంగు బొమ్మలో చుక్కలు కనబడితే కంగారు పడకండి, ఆఫ్‌సెట్‌లోనూ చుక్కలుంటాయి. అవి చిన్న చిన్న పువ్వుల్లాగా ఒకే పద్ధతిలో వరుసగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. చుక్కల మీద చుక్కలు పడి మధ్యలో చారలు వస్తే స్కాన్ చేసిన బొమ్మ అని అర్థం.

పెట్టె మడతలు కూడా చూడండి. లేజర్ ప్రింటయితే టోనర్ పైపొరగా ఉంటుంది కాబట్టి మడత దగ్గర పొలుసులుగా లేచి లోపలి తెలుపు బయటపడుతుంది. పాత ఒరిజినల్ పెట్టెలో కూడా మడతలు అరిగి తెల్లబడతాయి గానీ, అది రుద్దుడుకి అరిగినట్టు ఉంటుంది, పెచ్చులూడినట్టు ఉండదు.

యూవీ టార్చి పెట్టి చూడమని కొందరు చెబుతారు. కొత్త కాగితం నీలంగా మెరుస్తుంది, నిజమే. కానీ తెల్లదనం కోసం మందు కలిపిన కాగితాలు పాతరోజుల్లోనూ ఉన్నాయి. నేనైతే దాన్ని సాక్ష్యంగా తీసుకోను.

కార్తీక్_నెల్లూరు

లావణ్య గారూ, చాలా థాంక్స్. మాక్రోలో తీశాను. పెట్టె వెనక కాపీరైట్ లైన్ మీరు చెప్పినట్టే ఉంది, అక్షరాల చుట్టూ గులాబీ, నీలం మసక. మడత దగ్గర గోరు తగిలితే పొడి రాలుతోంది. అంటే పెట్టె డూప్లికేటే కదా?

సత్యం గారూ, టార్చి పెట్టి చూశాను. గుండ్రటి నీడ ఉంది. పిన్నుల పైన నింటెండో అని ఉంది, కొత్త ఫోటో పెట్టాను. ఇప్పుడు నాకు అయోమయంగా ఉంది.

సత్యం_సర్వీస్

పెట్టె సంగతి వేరు, క్యాసెట్ సంగతి వేరు. విడిగా దొరికిన ఒరిజినల్ క్యాసెట్‌కి కొత్తగా ప్రింట్ చేసిన పెట్టె జోడించి ఎక్కువ ధరకు అమ్మడం ఈ మార్కెట్‌లో రోజూ జరిగేదే. కాబట్టి లేబుల్, షెల్, బోర్డు మూడింటినీ విడివిడిగా చూడాలి.

లేబుల్ దగ్గరకు వద్దాం. ఒరిజినల్ ఎమరాల్డ్ లేబుల్ రేకు కాగితంలా మెరుస్తుంది. కుడివైపు AGB-BPEE-USA అని కోడ్ ఉంటుంది, కోడ్ సరిగ్గా లేకపోతే అక్కడే ఆగిపోవచ్చు. ఈ రోజుల్లో డూప్లికేట్ల మీదా కోడ్ సరిగ్గానే ఉంటోంది, అందుకే ఇంకోటి చూస్తాం. ఫ్యాక్టరీలో లేబుల్ మీద రెండంకెలు, ఒక్కోసారి వాటి పక్కన ఒక అక్షరం, ఇంకు లేకుండా నొక్కి వదులుతారు. నేరుగా చూస్తే కనిపించదు. లైటు పక్కనుంచి పడేలా క్యాసెట్‌ని వాల్చి, మెల్లగా తిప్పుతూ చూడండి.

కార్తీక్_నెల్లూరు

అన్ని వైపులా తిప్పి చూశాను. నొక్కిన అంకెలు లేవు. లేబుల్ మొత్తం ఒకేలా మెరుస్తోంది, అక్షరాల మీద కూడా.

లావణ్య_ప్రెస్

మొత్తం ఒకేలా మెరుస్తోందంటే నాకూ అనుమానమే. రేకు కాగితం మీద అచ్చేసేటప్పుడు ఎక్కడ మెరుపు వద్దనుకుంటే అక్కడ ముందు తెల్ల ఇంకు పొర వేసి, దాని మీద రంగు వేయడం మా పద్ధతి. అందువల్ల మంచి పనిలో కొన్నిచోట్ల మెరిసి, కొన్నిచోట్ల మెరవకుండా ఉంటుంది. చవగ్గా చేసేవాళ్లు ఆ తెల్ల పొర ఖర్చు మిగుల్చుకుంటారు. ఆ గేమ్ ఒరిజినల్ లేబుల్ నేను చేత్తో పట్టుకుని చూడలేదు, ఎవరి దగ్గరైనా ఉంటే పక్కపక్కన పెట్టి ఫోటో పెట్టండి.

హర్ష_డల్లాస్

నేను చెప్పాను కదా. లేబుల్ డూప్లికేట్, పెట్టె డూప్లికేట్, ఇంకేం మిగిలింది?

సత్యం_సర్వీస్

బోర్డు మిగిలింది. అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

కార్తీక్, వెనకున్న స్క్రూ మూడు రెక్కల తలది. దానికి ట్రై-వింగ్ స్క్రూడ్రైవర్ కావాలి. ఫోన్ రిపేర్ కిట్లలో వస్తుంది, హైదరాబాద్‌లో అయితే గుజరాతీ గల్లీలో విడిగానూ దొరుకుతుంది. మామూలు చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నిస్తే తల పాడవుతుంది, తర్వాత వెనక్కి ఇచ్చేటప్పుడు అమ్మినాయన అదే సాకు చెబుతాడు. తెరిచే ముందు ఆయనకు ఒక మెసేజ్ పెట్టి ఒప్పించుకోండి. స్క్రూ తీశాక రెండు ముక్కల్ని కాస్త జరిపి విడదీయండి, ఏదీ దూర్చి తిప్పొద్దు.

శ్రీను_గేమ్స్

అంత అవసరమా అండీ? నేను రిప్రోలు, అంటే కొత్తగా చేసిన కాపీ క్యాసెట్లు అమ్ముతాను, రిప్రో అని చెప్పే అమ్ముతాను. ఎనిమిది వందలకి ఇస్తాను, గేమ్ అదే, ఆడుకునేవాడికి తేడా ఏముంది?

హర్ష_డల్లాస్

తేడా ఉంది బ్రో. నా దాంట్లో ఎలీట్ ఫోర్‌ని ఓడించి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాక సేవ్ పోయింది. నెలల తరబడి ఆడిన గేమ్. తర్వాత చదివితే చాలామందికి సరిగ్గా అక్కడే పోయిందట.

సత్యం_సర్వీస్

అవును, అది పేరున్న జబ్బే. ఒరిజినల్‌లో సేవ్‌కి 128 కేబీ ఫ్లాష్ చిప్ ఉంటుంది. చవక బోర్డుల్లో ఆ చిప్ ఉండదు. గేమ్ ప్రోగ్రామ్‌నే కొంచెం మార్చి వేరే రకం మెమరీలో సేవ్ పడేలా చేస్తారు. మామూలు సేవ్ బాగానే పడుతుంది, హాల్ ఆఫ్ ఫేమ్ లాంటి వేరే భాగంలో రాయాల్సి వచ్చినప్పుడు గోల మొదలవుతుంది. కొన్నింట్లో ఆ మెమరీ బ్యాటరీ మీద నిలబడుతుంది, బ్యాటరీ పోతే సేవ్ మొత్తం పోతుంది. నింటెండో డీఎస్‌లో డైమండ్, పెర్ల్ పెట్టి పాల్ పార్క్ ద్వారా పోకెమాన్లను తరలించాలన్నా ఇవి తరచూ మొరాయిస్తాయి.

శ్రీను గారు చెప్పి అమ్ముతున్నారు, నాకు వారితో పేచీ లేదు. తొమ్మిది వేలకు చెప్పకుండా అమ్మేవాళ్లతోనే పేచీ.

కార్తీక్_నెల్లూరు

అమ్మినాయన ఫోన్లో సరే అన్నాడు. తెరిచాను. ఫోటో పెట్టాను. నల్ల బొట్టు లేదు. రెండు పెద్ద చిప్పులు, ఒక చిన్న ఎనిమిది కాళ్ల చిప్, వెండి రంగులో ఒక చిన్న ముక్క, బ్యాటరీ ఉన్నాయి. పెద్ద చిప్పుల్లో ఒకదాని మీద MX తో మొదలయ్యే నంబరు ఉంది. చిన్నదాని మీద S3511A అని చదవగలిగాను. షెల్ లోపల కొక్కెం విరగలేదు, కానీ ఎడమ గోడ కొంచెం వంకరగా ఉంది.

సత్యం_సర్వీస్

మంచి ఫోటో. ఒక్కొక్కటిగా చూద్దాం.

MX అంటే మాక్రోనిక్స్. నింటెండోకి మాస్క్ రామ్... క్షమించాలి, కీబోర్డు తొందర... మాస్క్ రోమ్‌లు సరఫరా చేసిన కంపెనీ. మాస్క్ రోమ్ అంటే ఫ్యాక్టరీలోనే గేమ్‌ని చిప్‌లో అచ్చు పోసినట్టు, తర్వాత మార్చడానికి వీలుండదు. డూప్లికేట్ చేసేవాళ్లు ఆ పని చేయించుకోలేరు, అందుకే మళ్లీ రాయగలిగే ఫ్లాష్ మెమరీ వాడతారు. చాలావరకు పాత ఫోన్ల నుంచి పీకినవే, కాళ్ల దగ్గర పాత టంకం మరకలు, పైన గీసేసిన నంబర్లు కనబడతాయి. మీ చిప్ కాళ్లు శుభ్రంగా, వరుస తప్పకుండా ఉన్నాయి.

S3511A సీకో కంపెనీ గడియారం చిప్. పక్కన వెండి రంగు ముక్క దాని క్రిస్టల్. డూప్లికేట్లలో ఎక్కువమంది ఈ రెండూ పెట్టరు, పెట్టకపోయినా గేమ్ నడుస్తుంది కాబట్టి. బ్యాటరీ మాత్రం చూపు కోసం అతికించిన బోర్డులు నా బల్ల మీదకు వచ్చాయి.

నేను చూసినంతలో మీ బోర్డు ఒరిజినలే. షెల్, లేబుల్, పెట్టె మాత్రం తర్వాత బయట చేయించినవి. పాత షెల్ పగిలిపోయిందో, లేబుల్ చిరిగిపోయిందో, ఎవరో కొత్త షెల్‌లోకి మార్చారు. ఎడమ గోడ వంకర అందుకే, కొక్కెం విరగలేదు అన్నారు కాబట్టి బలవంతంగా తెరవడం వల్ల వచ్చిన సందు కాదు.

హర్ష గారూ, మీ రూల్‌ని ఒకసారి ఇక్కడ పెట్టి చూడండి. చిప్పులున్న డూప్లికేట్ బోర్డులు బోలెడు, ఇప్పుడు వచ్చేవాటిలో అవే ఎక్కువ. ఇక నల్ల బొట్టు, ఎమరాల్డ్‌లో కనిపిస్తే డూప్లికేటే, అది ఒప్పుకుంటాను. కానీ పాత జపాన్ ఫామికామ్ క్యాసెట్లలో లైసెన్స్ ఉన్నవాటిలోనూ నల్ల బొట్టు బోర్డులు ఉన్నాయి. ఏ గేమ్‌లో ఏ బోర్డు ఉండాలో తెలుసుకుని చూడాలి. ఉదాహరణకు పోకెమాన్ ఫైర్‌రెడ్‌కి గడియారమే లేదు. దాన్ని తెరిస్తే లోపల బ్యాటరీ కనబడితే అదే డూప్లికేట్ అని చెప్పే గుర్తు.

హర్ష_డల్లాస్

ఓకే, ఫైర్‌రెడ్ పాయింట్ నాకు తెలియదు. కానీ ఇప్పటి చైనా బోర్డుల మీద నింటెండో అని కూడా అచ్చేస్తున్నారు కదా. MX అని కూడా వేస్తే?

సత్యం_సర్వీస్

వేస్తారు, అందుకే ఒక్క గుర్తు మీద ఆధారపడను. కార్తీక్ దగ్గర కార్ట్రిడ్జ్ రీడర్ ఉంటే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. FlashGBX సాఫ్ట్‌వేర్‌లో పెడితే గేమ్ కోడ్ BPEE అని, సేవ్ రకం 1M ఫ్లాష్ అని రావాలి. గేమ్‌ని చదివి, చెక్‌సమ్‌ని మంచి కాపీ చెక్‌సమ్‌తో పోల్చాలి. తేడా వస్తే ప్రోగ్రామ్‌ని మార్చారని తెలుస్తుంది. సరిపోతే మాత్రం ఒరిజినల్ అని ముద్ర వేయలేం, మంచి డూప్లికేట్‌లో కల్తీ లేని కాపీ కూడా ఉండొచ్చు.

మురళి_కన్సోల్స్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, పెట్టెల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. అడ్వాన్స్ ఎస్పీ AGS-101 అని పెట్టెతో అమ్ముతున్నారు. వెనక స్టిక్కర్ మీదా 101 అనే ఉంది. పెట్టె ప్రింట్ లావణ్య గారు చెప్పినట్టు చూస్తే సరిపోతుందా?

సత్యం_సర్వీస్

పెట్టె కన్నా మిషన్ మీదున్న లైటు బటన్ నొక్కండి. పాత మోడల్ AGS-001లో నొక్కితే లైటు పూర్తిగా ఆరిపోతుంది. 101లో వెలుతురు ఎక్కువ తక్కువ అవుతుంది తప్ప ఆరదు. స్టిక్కర్ విడిగా అమ్ముతారు, దాన్ని నమ్మకండి. తెర మార్చిన మిషన్ అయితే ఈ బటన్ పరీక్ష కూడా పనికిరాదు, అప్పుడు మళ్లీ తెరవాల్సిందే. పెట్టె మీద సీరియల్ స్టిక్కర్ ఉంటే మిషన్ సీరియల్‌తో కలుస్తుందో లేదో కూడా చూడండి.

శ్రీను_గేమ్స్

బోర్డు ఒరిజినల్ అయితే కార్తీక్ ఉంచుకోవచ్చు కదా. షెల్ మార్చడం తప్పా? మేం వారానికి ఎన్నో మారుస్తాం.

లావణ్య_ప్రెస్

మార్చడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. పైగా పెట్టెతో సహా అని ధర పెట్టారు. ఆ పెట్టెకి అయిన ప్రింటింగ్ ఖర్చు నాకు తెలుసు, చెబితే ఆయనే సిగ్గుపడతాడు.

శ్రీను_గేమ్స్

ఆయనకీ తెలియకపోవచ్చు మేడం. ఎవరి దగ్గరో కొనుక్కుని అమ్మి ఉంటాడు.

కార్తీక్_నెల్లూరు

ఆయన అదే అంటున్నాడు, తనకు ఇలాగే వచ్చిందట. పెట్టె వెనక్కి పంపి క్యాసెట్ ఒక్కటే ఉంచుకుంటానంటే మూడు వేలు తిరిగి ఇస్తానన్నాడు. షెల్ కూడా ఒరిజినల్ కాదు కాబట్టి నాలుగు వేలు అడిగాను, ఇంకా జవాబు రాలేదు. మీరైతే ఎంతకి ఒప్పుకుంటారు?

హర్ష_డల్లాస్

నేనైతే మొత్తం వెనక్కి పంపేస్తాను. కలెక్షన్‌లో పెట్టుకోవాలంటే లేబుల్, షెల్ కూడా ఒరిజినల్ ఉండాలి.

సత్యం_సర్వీస్

ఆడుకోవడానికైతే మూడు వేలు తిరిగొస్తే ఉంచుకుంటాను. కలెక్షన్‌కైతే హర్ష గారి మాటే నాదీ. ఉంచుకుంటే మాత్రం బ్యాటరీకున్న రెండు రేకు కాళ్లు దగ్గరగా ఫోటో తీసి పెట్టండి. బిళ్లకు స్పాట్ వెల్డ్ చుక్కలు ఉన్నాయా, నేరుగా టంకం పెట్టారా చూడాలి. బిళ్ల మీదే టంకం పెట్టి ఉంటే వేడికి దెబ్బతిని ఉంటుంది, కారకముందే తీసేయాలి. తీసినా మీ సేవ్‌కి ఏమీ కాదు.